పెన్ను ఒత్తిడి బ్రష్ దాకా చేరాలంటే: మొదటి గ్రాఫిక్స్ టాబ్లెట్‌కు డ్రైవర్, అమరిక

కొత్త గ్రాఫిక్స్ టాబ్లెట్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించి, పెన్నును పలక మీద ఆడించగానే తెర మీద బాణం గుర్తు కదులుతుంది. అది చూసి ఇక అంతా సిద్ధమైపోయిందని చాలామంది అనుకుంటారు. తీరా బొమ్మ వేయబోతే గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంతో వస్తుంది, ఎంత గట్టిగా నొక్కినా మారదు. టాబ్లెట్ సంకేతాలను కంప్యూటర్‌కు అందించే డ్రైవర్ అనే ప్రోగ్రాం లేనప్పుడు చాలా టాబ్లెట్లు కంప్యూటర్‌కు తమను ఒక మామూలు మౌస్ లాగే పరిచయం చేసుకుంటాయి. మౌస్ చెప్పగలిగినవి రెండే సంగతులు: ఎక్కడ ఉన్నదీ, నొక్కారా లేదా అన్నదీ. ఎంత నొక్కారన్నది చెప్పే దారి అందులో లేదు.

ఆ మూడో సంగతి పెన్ను మొన దగ్గర పుట్టి బ్రష్ దాకా చేరాలంటే వరుసగా నాలుగు చేతులు మారాలి. పెన్ను కొలిచిన ఒత్తిడిని డ్రైవర్ అందుకుంటుంది, డ్రైవర్ దానిని ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఒక నిర్దిష్ట మార్గంలో పంపుతుంది, బొమ్మల ప్రోగ్రాం అదే మార్గం దగ్గర కాచుకుని దానిని తీసుకుంటుంది, చివరికి మీరు ఎంచుకున్న బ్రష్ దానిని మందంగానో గాఢతగానో మార్చుకుంటుంది. ఏ ఒక్క చోట తెగినా తెర మీద కనిపించే ఫలితం ఒక్కటే, చదునైన గీత. అందుకే ఈ అమరికను తోచినచోట మొదలుపెట్టకుండా, పెన్ను వైపు నుంచి బ్రష్ వైపుకు ఒక్కో మెట్టూ పరీక్షించుకుంటూ రావాలి. కింద చెప్పిన వరుస ప్రధానంగా విండోస్‌కు సంబంధించినది, ఎందుకంటే చిక్కులు ఎక్కువగా వచ్చేది అక్కడే. మాక్, లైనక్స్ సంగతి మధ్యలో క్లుప్తంగా చెబుతాను.

మొదటి మెట్టు: పాత డ్రైవర్లను పూర్తిగా తీసివేయడం

మీ కంప్యూటర్‌లో ఇంతకు ముందు మరే టాబ్లెట్ డ్రైవర్ ఉన్నా, అది వేరే సంస్థదైనా సరే, కొత్తది ఎక్కించే ముందు దానిని తీసివేయండి. విండోస్ 11లో Settings తెరిచి Apps, అందులో Installed apps దగ్గరికి వెళ్లి, పాత టాబ్లెట్ పేరుతో ఉన్న ప్రోగ్రాంను తొలగించి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. అంతసేపూ కొత్త టాబ్లెట్ తీగ ఊడదీసే ఉంచండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, టాబ్లెట్ డ్రైవర్లు చాలావరకు ఒకే పేరున్న ఒక ఫైలును విండోస్ ఫోల్డర్‌లో పెడతాయి. దాని పేరు `Wintab32.dll`, అది ఉండే చోటు ఇది:

```
C:\Windows\System32\Wintab32.dll
```

ప్రతి సంస్థా తన సొంత ప్రతిని ఇదే పేరుతో ఇక్కడే పెడుతుంది. పాత సంస్థ ఫైలు అక్కడే ఉండిపోతే, బొమ్మల ప్రోగ్రాం ఒత్తిడి ఎంత అని అడిగినప్పుడు సమాధానం చెప్పవలసింది మీ కొత్త డ్రైవర్ కాగా, ఆ ప్రశ్న ఇప్పుడు లేని పాత టాబ్లెట్‌కు వెళుతుంది. ఇది నాకు అనుభవమే. ఎవరిదో ఒక టాబ్లెట్‌ను కొన్నాళ్లు అరువు తెచ్చుకుని వాడి, ఆ తర్వాత వేరే సంస్థది కొన్నాను. కొత్త డ్రైవర్ సొంత పరీక్ష పెట్టెలో గీత చక్కగా సన్నబడేది, లావయ్యేది, బొమ్మల ప్రోగ్రాంలోకి వెళ్లగానే మాత్రం చదునైపోయేది. మూడు సాయంత్రాలు బ్రష్ అమరికలన్నీ తిరగేశాక, చివరికి ఈ ఫైలు మీద కుడి క్లిక్ చేసి Properties లోని Details చూస్తే అరువు టాబ్లెట్ సంస్థ పేరే కనిపించింది.

డ్రైవర్లన్నీ తీసివేసి రీస్టార్ట్ చేశాక కూడా ఆ ఫైలు అక్కడ మిగిలి ఉంటే, దానిని చెరపవద్దు, పేరు చివర `.old` అని చేర్చండి. అవసరమైతే వెనక్కి మార్చుకోవచ్చు. 32-బిట్ ప్రోగ్రాంలు వాడేవారు `C:\Windows\SysWOW64` ఫోల్డర్‌లోనూ ఇదే పేరు కోసం చూడాలి.

రెండో మెట్టు: కొత్త డ్రైవర్, మొదటి పరీక్ష

డ్రైవర్‌ను టాబ్లెట్ తయారు చేసిన సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచే, మీ టాబ్లెట్ మోడల్ నంబరు చూసి దించుకోండి. ఆ నంబరు సాధారణంగా పలక వెనుక అచ్చు వేసి ఉంటుంది. డ్రైవర్‌ను ఎక్కించేటప్పుడు బొమ్మల ప్రోగ్రాంలన్నీ మూసి ఉండాలి. ఎక్కించడం అయ్యాక రీస్టార్ట్ చేసి, అప్పుడు తీగ తగిలించండి. వీలైతే యూఎస్‌బీ హబ్ మీద కాకుండా నేరుగా కంప్యూటర్‌కే తగిలించడం మంచిది, ఎందుకంటే హబ్ నుంచి విద్యుత్తు సరిగా అందకపోతే టాబ్లెట్ ఉండుండి తెగిపోతూ ఉంటుంది.

ఇప్పుడు డ్రైవర్ ప్యానెల్ తెరిస్తే పెన్ను అమరికల పేజీలో చాలావాటికి ఒక చిన్న పరీక్ష పెట్టె గానీ, ఒత్తిడిని చూపే పట్టీ గానీ ఉంటుంది. అక్కడ రెండు విషయాలు చూడాలి. పెన్నును పలకకు తాకించకుండా కొద్దిగా పైన పట్టుకున్నప్పుడు ఒత్తిడి సున్నా చూపాలి, మెల్లగా ఆనించి నొక్కుతూ పోతే పట్టీ కుదుపులు లేకుండా పెరగాలి. తాకించకముందే ఒత్తిడి కనిపిస్తే, అంటే గాలిలోనే గీత పడుతుంటే, సాధారణంగా నిబ్ లోపల ఇరుక్కుందని అర్థం. నిబ్‌ను పీకి, దుమ్ము దులిపి, తిరిగి పెట్టి చూడండి. అయినా పోకపోతే చాలావరకు లోపం పెన్నులోనే ఉంటుంది.

ఈ పెట్టెలో ఒత్తిడి సవ్యంగా కనిపిస్తే పెన్నూ డ్రైవరూ బాగున్నట్టే. ఇక్కడి నుంచి వచ్చే ఏ సమస్యకూ టాబ్లెట్‌ను తప్పుపట్టనక్కరలేదు.

మాక్‌లో పాత ఫైలు గొడవ ఉండదు గానీ అనుమతుల గొడవ ఉంటుంది. System Settings లో Privacy & Security తెరిచి, Accessibility లోనూ Input Monitoring లోనూ డ్రైవర్‌కు అనుమతి ఇచ్చి రీస్టార్ట్ చేయాలి. సిస్టమ్ అప్‌డేట్ తర్వాత పెన్ను పనిచేయడం మానేస్తే ముందుగా చూడవలసింది కూడా ఇక్కడే. అనుమతి ఉన్నట్టే కనిపించినా ఒకసారి తీసేసి మళ్లీ ఇవ్వండి. లైనక్స్‌లో చాలా టాబ్లెట్లకు కావలసిన డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి ముందు ఏదీ ఎక్కించకుండా తగిలించి చూడటమే సరైన పద్ధతి.

మూడో మెట్టు: పలకకూ తెరకూ కొలత కుదర్చడం

ఒత్తిడి సంగతి కాసేపు పక్కనపెట్టి ఈ పని పూర్తి చేయండి, ఎందుకంటే చేతికి అలవాటు పడ్డాక దీనిని మారిస్తే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది. ప్యానెల్‌లో పెన్ మోడ్, మౌస్ మోడ్ అని రెండు ఉంటే పెన్ మోడ్‌నే ఎంచుకోవాలి. అప్పుడే పలక మీది ప్రతి చోటుకూ తెర మీద ఒక స్థిరమైన చోటు ఉంటుంది. తెరలు రెండు ఉంటే, బొమ్మ వేసే తెర ఒక్కదానికే పలకను కేటాయించండి.

తర్వాత నిష్పత్తి. ఒక పలక పనిచేసే మేర 254 మిల్లీమీటర్ల వెడల్పు, 158.75 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుందాం, అంటే 16:10. తెర 1920 x 1080, అంటే 16:9. పలక మొత్తాన్ని తెర మొత్తానికి కలిపితే, అడ్డంగా ఒక మిల్లీమీటరు కదలిక సుమారు 7.56 పిక్సెళ్లు అవుతుంది, నిలువుగా 6.80 పిక్సెళ్లే అవుతుంది. మీరు పలక మీద 50 మిల్లీమీటర్ల వ్యాసంతో నిఖార్సైన వృత్తం గీస్తే, తెర మీద అది 378 పిక్సెళ్ల వెడల్పు, 340 పిక్సెళ్ల ఎత్తు ఉన్న కోడిగుడ్డు అవుతుంది. ముఖాలు గీసినప్పుడల్లా బుగ్గలు ఉబ్బినట్టు వస్తున్నాయని తమ చేతిని తిట్టుకునే వారిలో కొందరి అసలు సమస్య ఇదే.

సరిచేయడానికి వెడల్పును 254 గానే ఉంచి, ఎత్తును 254 ÷ 16 × 9, అంటే సుమారు 142.9 మిల్లీమీటర్లకు తగ్గించాలి. చాలా ప్యానెళ్లలో నిష్పత్తిని కాపాడే ఒక టిక్ పెట్టె ఉంటుంది, అది ఈ లెక్కను తానే చేస్తుంది. పలకలో సుమారు 16 మిల్లీమీటర్ల పట్టీ వృథా అవుతుంది, కానివ్వండి. సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సీసా మూతను పలక మీద పెట్టి, దాని చుట్టూ పెన్నుతో గీసి, వచ్చిన ఆకారం తెర మీద గుండ్రంగా ఉందో లేదో చూస్తే చాలు.

నాలుగో మెట్టు: వింటాబ్ లేక విండోస్ ఇంక్

కొత్తవారు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. విండోస్‌లో పెన్ను ఒత్తిడి ప్రోగ్రాంకు చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి వింటాబ్, టాబ్లెట్ల కోసం ఎప్పుడో ఏర్పడిన పాత పద్ధతి, పైన చెప్పిన ఫైలు దీనిదే. రెండోది విండోస్ ఇంక్, మైక్రోసాఫ్ట్ తన సిస్టమ్‌లోనే పెట్టిన పద్ధతి. రెండూ పనిచేస్తాయి. ఏది మేలన్న వాదన కన్నా ముఖ్యమైనది, డ్రైవర్ ఏ దారిన పంపుతుందో ప్రోగ్రాం ఆ దారిలోనే ఎదురుచూస్తూ ఉండటం.

డ్రైవర్ వైపు దీనికి సాధారణంగా Windows Ink అన్న పేరుతో ఒక టిక్ పెట్టె ఉంటుంది. ప్రోగ్రాం వైపు చోటు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. క్రిటాలో Settings, Configure Krita, Tablet settings లో ఈ ఎంపిక కనిపిస్తుంది. క్లిప్ స్టూడియో పెయింట్‌లో Preferences లోని Tablet పేజీలో Wintab, Tablet PC అని ఉంటాయి, వీటిలో రెండోది విండోస్ ఇంక్ వైపుది. ఫోటోషాప్ ఏమీ అడగకుండా విండోస్ ఇంక్‌నే తీసుకుంటుంది. దానిని వింటాబ్‌కు మార్చాలంటే `PSUserConfig.txt` అన్న పేరుతో ఒక ఫైలు తయారుచేసి, అందులో ఈ ఒక్క వరుస రాయాలి:

```
UseSystemStylus 0
```

ఆ ఫైలును ఫోటోషాప్ సెట్టింగ్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా పెట్టెలో `%APPDATA%\Adobe` అని కొట్టి, అక్కడ మీ వెర్షన్ పేరున్న ఫోల్డర్ లోపల Settings తో ముగిసే ఫోల్డర్‌ను వెతికితే అదే. ఏ ప్రోగ్రాంలోనైనా ఈ దారి మార్చాక దానిని మూసి మళ్లీ తెరవడం మరవకండి. మార్పు వెంటనే కనిపించకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

నా సలహా అడిగితే, ముందు విండోస్ ఇంక్‌తో మొదలుపెట్టండి. అయితే దానితోపాటు వచ్చే ఒక ఇబ్బందిని తెలిసి ఉండాలి. పెన్నును ఒకచోట ఆనించి క్షణం ఆపితే దాని చుట్టూ ఒక ఉంగరం కనిపించి, కుడి క్లిక్ జరుగుతుంది, నెమ్మదిగా మొదలుపెట్టిన గీతల ఆరంభం తెగిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో Pen and Touch తెరిచి, Press and hold ను ఎంచుకుని, Settings లో Enable press and hold for right-clicking ముందున్న టిక్ తీసేస్తే ఆ బాధ పోతుంది. అప్పటికీ గీత మొదట్లో చిన్న సరళరేఖలా బిగుసుకుపోతుంటే, డ్రైవర్‌లో ఇంక్ టిక్ తీసి, ప్రోగ్రాంను వింటాబ్‌కు మార్చండి. రెండు వైపులా కలిపి మార్చాలి, ఒకవైపే మారిస్తే పెన్ను తిరిగి మౌస్ అయిపోతుంది.

ఈ మెట్టును పరీక్షించడానికి క్రిటా బాగా పనికొస్తుంది, అది ఉచితం కూడా. అదే Tablet settings పేజీలో Open Tablet Tester అన్న మీట ఉంది. అది తెరిచే కిటికీలో గీస్తే పక్కన వరుసలు పడుతూ, వచ్చినది మౌస్ సంకేతమా స్టైలస్ సంకేతమా, ఒత్తిడి ఎంత శాతం అన్నది చూపిస్తాయి. శాతం అంకె నొక్కిన కొద్దీ మారుతుంటే ఒత్తిడి ప్రోగ్రాం లోపలి దాకా వచ్చేసినట్టే.

ఐదో మెట్టు: బ్రష్

ప్రతి బ్రష్ ఒత్తిడిని వాడుకోదు. పరీక్షలో శాతాలు మారుతూ, గీత మాత్రం మారకపోతే తప్పు బ్రష్‌దే. ఫోటోషాప్‌లో Brush Settings తెరిచి, Shape Dynamics లో Control దగ్గర Pen Pressure ఎంచుకోవాలి. అక్కడ పక్కనే ఒక త్రికోణపు హెచ్చరిక గుర్తు కనిపిస్తే, ఒత్తిడి తనదాకా రావడం లేదని ఫోటోషాప్ చెబుతున్నట్టు లెక్క, అప్పుడు నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లాలి. నేర్చుకునే రోజుల్లో ఒత్తిడికి మందం ఒక్కటే ముడిపెట్టండి, గాఢతను వదిలేయండి. రెండూ కలిసి మారుతుంటే మీ చేయి ఏం చేస్తోందో గీత చూసి పోల్చుకోలేరు.

ఆరో మెట్టు: మీ చేతికి తగిన కర్వ్

టాబ్లెట్ వచ్చిన పెట్టె మీద తరచుగా 8192 ఒత్తిడి స్థాయిలు అని రాసి ఉంటుంది. 30 పిక్సెళ్ల బ్రష్‌తో గీసే గీతకు అన్ని మందాలు ఉండనే ఉండవు కదా. చేతికి నిజంగా తెలిసేవి వేరు: ఎంత తేలికగా ఆనిస్తే పెన్ను గుర్తిస్తుంది, మీరు మామూలుగా నొక్కే మేర మొత్తం కొలతలో ఎంత భాగం అన్నవి. ఈ రెండో దానిని మార్చేదే ప్రెజర్ కర్వ్. అది ఒక చదరపు పటం, అడ్డంగా మీరు నొక్కినది, నిలువుగా ప్రోగ్రాం తీసుకునేది. మూలకు మూల గీసిన సరళరేఖ అంటే ఉన్నది ఉన్నట్టు పంపడం. రేఖ పైకి ఉబ్బితే కొద్ది ఒత్తిడికే లావు గీత వస్తుంది, కిందికి కుంగితే గట్టిగా నొక్కితే గాని లావవదు.

దీనిని కంటి అంచనాతో లాగవద్దు, ముందు మీ చేతిని కొలవండి. డ్రైవర్ కర్వ్‌నూ ప్రోగ్రాం కర్వ్‌నూ సరళరేఖ దగ్గరే ఉంచి, పరీక్ష కిటికీలో మూడు రకాల గీతలు ఒక్కోటి పదేసి గీయండి: వెంట్రుక లాంటివి, మామూలుగా రాసేటప్పటి ఒత్తిడితో, చేయి నొప్పి పుట్టనంత గట్టిగా. ప్రతి రకానికీ ఎక్కువసార్లు కనిపించిన శాతాన్ని కాగితం మీద రాసుకోండి. నా చేతికి వచ్చినవి ఇవి: సన్న గీతలకు 6, మామూలువాటికి 22, గట్టివాటికి 55. అంటే 55 నుంచి 100 వరకు ఉన్న మేర నాకు అందనే అందదు. బ్రష్ పూర్తి మందం చూడాలంటే ప్రతిసారీ పెన్నును పలకలోకి గుచ్చవలసిందే. కొత్తవారి మణికట్టు నొప్పికీ, నిబ్ త్వరగా అరిగిపోవడానికీ తరచుగా ఇదే మూలం.

నా డ్రైవర్‌లో మెత్తన నుంచి గట్టి దాకా జరిపే ఒక పట్టీ మాత్రమే ఉండడంతో, దానిని మధ్యలో వదిలేసి, క్రిటా Tablet settings లోని కర్వ్‌లో మూడు చుక్కలు పెట్టాను. అడ్డం 55 దగ్గర నిలువు 100. అడ్డం 6 దగ్గర నిలువు 5, ఎందుకంటే సన్న గీతలు సన్నగానే ఉండాలి. మధ్య చుక్కను ముందు 22 దగ్గర 50కి పెట్టాను, మధ్యస్థ ఒత్తిడికి మధ్యస్థ మందం రావాలన్నది ఉద్దేశం. కానీ 6కీ 22కీ మధ్య రేఖ మరీ నిట్టనిలువుగా లేచి, చేయి కాస్త వణికినా సన్న గీత ఉన్నట్టుండి లావైపోయేది. దానిని 40కి దించితే ఆ ఏటవాలు తగ్గి, రేఖ కింది నుంచి పై దాకా దాదాపు ఒకే వాలుతో సాగింది, గీతా నిలకడగా వచ్చింది. మీ మూడు అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. పట్టీ ఒక్కటే ఉన్న డ్రైవర్‌తో సరిపెట్టుకోవాలంటే, దానిని మెత్తన వైపు ఒక్కో గంటు జరుపుతూ మళ్లీ కొలిచి, గట్టి గీత 90 దాటేసరికి ఆపండి. ఈలోగా సన్న గీతలు 10ని మించిపోతే ఒక గంటు వెనక్కి రండి.

కర్వ్‌ను ఒక్కచోటే మార్చండి. డ్రైవర్‌లో 25ను 50గా, 50ను 75గా చేసే కర్వ్ పెట్టి, ప్రోగ్రాంలోనూ అలాంటిదే పెడితే, మీరు నొక్కిన 25 డ్రైవర్‌లో 50 అయి, ప్రోగ్రాంలో 75 అవుతుంది. పావు ఒత్తిడికే ముప్పావు మందం వస్తే సన్న గీతకు చోటెక్కడ? ఒకే ప్రోగ్రాం వాడేవారు ప్రోగ్రాంలోనూ, రెండు మూడు వాడేవారు డ్రైవర్‌లోనూ పెట్టుకుని, రెండోదానిని సరళరేఖగా వదిలేయడం తేలిక.

కుదిరిన అమరికను ఒక వారం ముట్టుకోకండి, ఆ తర్వాత అవే మూడు రకాల గీతలను మళ్లీ కొలవండి. చేయి సడలడం వల్ల గట్టి గీత అంకె సాధారణంగా కొంత తగ్గుతుంది, అప్పుడు పై చుక్కను ఆ మేరకు ఎడమకు జరపాలి. డ్రైవర్ ప్యానెల్‌లో అమరికలను ఫైలుగా దాచుకునే వీలుంటే ఇప్పుడే దాచుకోండి, లేకపోతే ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. డ్రైవర్‌ను అప్‌డేట్ చేసినప్పుడు పలక మేర, ఇంక్ టిక్, కర్వ్ మూడూ మొదటి స్థితికి వెళ్లిపోవచ్చు. కాబట్టి అప్‌డేట్ తర్వాత పెన్ను ఎందుకో పరాయిదిలా అనిపిస్తే, ముందు సీసా మూతతో ఒక వృత్తం, తర్వాత పరీక్ష కిటికీలో మూడు గీతలు గీసి చూసుకోండి.